తెల్లారాక రాసే థాంక్స్ మెసేజ్

శేరిలింగంపల్లిలో మా అక్క వాళ్ల ఫ్లాట్‌కి వెళ్లినప్పుడు, ఒక రాత్రి వాళ్ల టీమ్ చూసే సర్వర్లు పడిపోయాయి. తెల్లవార్లూ కాల్‌లోనే ఉంది. పొద్దున అంతా సర్దుకున్నాక వాళ్ల లీడ్ గ్రూప్‌లో మెసేజ్ పెట్టారు: "అందరికీ థాంక్స్. ఈ విషయంలో మేం ఎవరినీ తప్పు పట్టడం లేదు." అక్క అది చదివి, "అంటే తప్పు ఎవరిదో వెతుక్కోమనేగా!" అని ఫోన్ పక్కన పెట్టేసింది.

మంచి మనసుతో రాసిన మెసేజే. మరి ఎందుకలా తగిలింది? దీన్ని ఒక నిజమైన కేసు మీద పెట్టి చూద్దాం. గిట్‌ల్యాబ్ సంస్థ తన వైఫల్యాన్ని దాచకుండా అందరికీ చెప్పిన కేసు ఇది.

2017 ఫిబ్రవరి 1, మన టైమ్ ప్రకారం తెల్లవారుజాము 5 కావస్తోంది. వాళ్ల రెండో డేటాబేస్ సర్వర్ మొదటిదానితో సింక్ అవ్వడం ఆగిపోయింది. రెండోదాన్ని ఖాళీ చేసి మళ్లీ కాపీ చేద్దామని ఒక ఇంజనీర్ డేటా ఫోల్డర్ తుడిచే కమాండ్ కొట్టారు. అది `db2`లో నడవాలి, `db1`లో నడిచింది. ఒకట్రెండు సెకన్లలోనే గమనించి ఆపేశారు. అప్పటికే దాదాపు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ.

బ్యాకప్ చూస్తే లేదు. వెర్షన్ తేడా వల్ల రోజువారీ బ్యాకప్ ఫెయిల్ అవుతోంది. ఆ సంగతి చెప్పాల్సిన ఈమెయిల్స్ కూడా రిజెక్ట్ అవుతున్నాయి. చివరికి ఆదుకున్నది, ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన ఒక స్నాప్‌షాట్. అది తీసింది ఎవరో తెలుసా? ఆ కమాండ్ కొట్టిన ఇంజనీరే.

ఇప్పుడు ఆ టీమ్‌కి మనం తెలుగులో మెసేజ్ రాస్తున్నాం అనుకోండి. మొదటి చిక్కు క్రియ దగ్గరే వస్తుంది. "ఫలానా అతను డేటా డిలీట్ చేశాడు" అంటే వేలు చూపించినట్టు. పోనీ "డేటా డిలీట్ అయిపోయింది" అందామా? మన భాషలో ఈ "అయిపోయింది" చాలా సులువుగా వచ్చేస్తుంది. కానీ అప్పుడు ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. దాస్తున్నారనే అనుమానం మాత్రం మిగులుతుంది. నిందించకపోవడం, దాచడం ఒకటి కాదు. పనిని చెప్పాలి, ఆ పని అలా జరగడానికి వీలిచ్చిన పరిస్థితినీ చెప్పాలి. నేనైతే ఇలా రాస్తాను:

"సైట్ మళ్లీ నడుస్తోంది. సుమారు ఆరు గంటల డేటా తిరిగి రాలేదు, రిపాజిటరీల్లోని కోడ్ మాత్రం భద్రంగా ఉంది. రెండో సర్వర్‌లో నడవాల్సిన కమాండ్ మొదటి సర్వర్‌లో నడిచింది. రెండు టెర్మినల్స్ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి, బ్యాకప్ ఆగిన సంగతి మనలో ఎవరికీ చేరలేదు. ఈ రెండింటినీ సరిచేస్తున్నాం.

సెకన్లలో కమాండ్ ఆపి, వెంటనే టీమ్‌కి చెప్పినందుకు థాంక్స్. ఆ స్నాప్‌షాట్ ఉండబట్టే ఈ రోజు డేటా తిరిగొచ్చింది. నెమ్మదైన డిస్కుల మీద కాపీ పూర్తయ్యేదాకా గంటల తరబడి కాపలా కాసినవాళ్లకి, జరుగుతున్నదంతా ఎప్పటికప్పుడు బయటివాళ్లకి రాసి చెప్పినవాళ్లకి థాంక్స్. రాత్రి పనిచేసినవాళ్లు రేపు లాగిన్ అవ్వొద్దు. మీ డ్యూటీ వేరేవాళ్లు చూస్తారు."

ఇది నేను రాసుకున్నది, గిట్‌ల్యాబ్ వాళ్లది కాదు. కానీ టెర్మినల్ ప్రాంప్ట్‌లో ఏ సర్వరో స్పష్టంగా తెలిసేలా మార్చాలని వాళ్లు కూడా తమ పనుల జాబితాలో పెట్టుకున్నారు. రిపోర్టులో ఆ ఇంజనీర్ పేరు రాయలేదు.

ఇందులో "తప్పు", "క్షమించాం", "ఎవరినీ అనడం లేదు" అనే మాటలు లేవు చూడండి. క్షమించాం అంటే నేరం తేల్చినట్టే కదా. "నిద్ర మానుకున్న హీరోలు" అని కూడా లేదు. నిద్ర మానుకోవడాన్ని పొగిడితే, తర్వాతిసారి అలసిపోయినవాళ్లు ఆ మాట చెప్పరు. అన్నిటికంటే ముఖ్యం, థాంక్స్ ప్రతిదీ ఒక పనికి అంటుకుని ఉంది. కమాండ్ కొట్టిన మనిషి ఈ మెసేజ్ చదివితే, తాను చేసిన రెండు పనులూ ఇందులో కనిపిస్తాయి. వేలు చూపించే మెసేజ్‌లో స్నాప్‌షాట్ కథ మాయమవుతుంది. దాచే మెసేజ్‌లో కమాండ్ కథ మాయమవుతుంది.

ఇంకో జాగ్రత్త. సైట్ తెరుచుకోగానే పంపేయకూడదు. డేటా సరిచూసి, ఎంత పోయిందో తేలాకే పంపాలి. పూర్తి విచారణ దీంట్లో పట్టదు, దానికి వేరే రిపోర్ట్ ఉంటుంది.

రాసింది అక్కకి చూపించాను. రెండుసార్లు చదివి, "రేపు లాగిన్ అవ్వొద్దు అన్న లైన్ మొదట పెట్టు" అంది. ఆలోచిస్తే అదీ నిజమే. రాత్రంతా మేలుకున్నవాళ్లు మెసేజ్ చివరిదాకా చదవరు.