ఒక్క ఆదివారం మాట చాలు

అమ్మలూ,

కొత్త సంవత్సరం పోస్టుకి నువ్వు రాసుకున్న క్యాప్షన్ చదివాను. అయిదింటికి లేవడం, జిమ్, 50 పుస్తకాలు, చక్కెర మానడం, నెలకి పదివేలు దాచడం, ఫోన్ తగ్గించడం, చివర్లో ‘వీణ మళ్లీ మొదలుపెట్టాలి’. ఏడు అంశాలు. ‘నిజాయితీగా ఉందా బాబాయ్?’ అని అడిగావు. ఏడో దానిలో ఉంది. మిగతా ఆరూ కొట్టేయమని నా సలహా.

ఎందుకో చెబుతాను. ఆ ఆరింటిలో ఒక్కటీ నువ్వింకా మొదలుపెట్టలేదు. వీణ మాత్రం దీపావళి వెళ్లిన దగ్గరనుంచి ఆదివారాలు తీస్తున్నావని మీ అమ్మ చెప్పింది. పత్రికలో ఫోటోల కింద వ్యాఖ్యలు రాసిన రోజుల్లో మాకొక నియమం ఉండేది: ఫోటోలో లేనిది, జరగనిది రాయకూడదు. ‘రేపు మంత్రిగారు ప్రారంభిస్తారు’ అనవచ్చు గానీ ‘ప్రారంభించారు’ అనకూడదు. నీ పోస్టుకీ అదే కొలత పెట్టు. అప్పటికే జరుగుతున్నది ముందు చెప్పు, జరగాల్సింది తర్వాత, తక్కువగా.

ఇందులో ఇంకో సంగతి ఉంది. న్యూయార్క్ యూనివర్సిటీ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్, ఆయన సహచరులు 2009లో కొన్ని ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. లాయర్లు కావాలని గట్టిగా కోరుకునే విద్యార్థులు కూడా వాటిలో ఉన్నారు. తమ సంకల్పాన్ని ఎదుటివాళ్లు గమనించారని తెలిసినవాళ్లు, ఎవరూ గమనించని వాళ్లకంటే దానికోసం తక్కువ పనిచేశారు. పదిమందికీ తెలిస్తే చాలు, అప్పుడే అలాంటి మనిషినైపోయానన్న తృప్తి కొంత వచ్చేస్తుందని వాళ్ల వివరణ. అన్ని రకాల సంకల్పాలకూ ఇది వర్తిస్తుందని అనుకోకు. ‘నేను ఫలానా మనిషిని అవుతాను’ అనే రకానికే ఈ చిక్కు. అందుకే నీ చిత్తులో ‘ఈ ఏడాది సంగీతమే నా జీవితం’ అన్న వాక్యం తీసేయమంటున్నాను. ఆ మాటకి రెండొందల లైకులు వస్తే వీణ తీయాలన్న ఆత్రం తగ్గుతుంది. దాని బదులు ‘ఆదివారం కాఫీ తాగాక వీణ’ అని రాస్తే ఆ ప్రమాదం తక్కువ. అది మనిషి గురించి కాదు, పని గురించి, వేళ గురించి.

ఇక రాత. ఫీడ్‌లో మొదటి ఒకటి రెండు లైన్లే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేగాని తెరుచుకోదు. పైగా మన గుణింతం గుర్తులు కూడా విడివిడి అక్షరాల కింద లెక్కకొస్తాయి. కాబట్టి ‘మిత్రులందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు’ అని మొదలుపెడితే అసలు మాట లోపలే ఉండిపోతుంది. శుభాకాంక్షలు చివర పెట్టు. నేనైతే ఇలా రాస్తాను:

‘వీణ మళ్లీ పట్టుకున్నాను. ఆదివారం కాఫీ తాగాక సరళీ స్వరాలు. చిన్నప్పుడు గీతాల దాకా వచ్చినా ఇప్పుడు రెండో కాలంలోనే వేళ్లు తడబడుతున్నాయి. ఈ ఏడాది వర్ణం దాకా వెళ్తానో లేదో తెలియదు. ఆదివారాలు మాత్రం వాయిస్తాను. అందరికీ కొత్త సంవత్సరం శుభాకాంక్షలు.’

‘తడబడుతున్నాయి’ దగ్గర ఆగి చూడు. వినయం అంటే తనని తాను కించపరచుకోవడం కాదు. ‘నాకేం రాదు, నా వాయింపు ఎవరు వింటారు’ అని రాస్తే, ‘అయ్యో, నువ్వు బాగా వాయిస్తావు’ అనిపించుకోవడానికే రాసినట్టుంటుంది. ఎక్కడ తడబడుతున్నావో సరిగ్గా చెబితే అందులో బతిమాలడం ఉండదు. సంగీతం తెలిసినవాళ్లు ఒక సలహా ఇవ్వడానికీ వీలుంటుంది. పెట్టేముందు మీ అమ్మకి గట్టిగా చదివి వినిపించు. ఏ వాక్యం దగ్గరైనా ఆవిడ నీ ముఖంలోకి చూస్తే ఆ వాక్యం తీసెయ్.

ఫోటోకి పట్టుచీర, పూలు, వీణ ఒళ్లో పెట్టుకుని చిరునవ్వు అక్కర్లేదు. అది కచేరీ ఫోటో. ఈ మాటలకి అతకదు. తీగలు నొక్కి ఎడమచేతి వేళ్ల కొసల మీద పడ్డ గీతలు తియ్యి, కిటికీ వెలుతురులో. ఆ గీతలు వాయించినవాళ్లకే పడతాయి.

మార్చిలో ఎవరైనా ‘వీణ ఎంతవరకొచ్చింది?’ అని అడిగితే, రెండు వారాలు తీయకపోయినా ఉన్నదున్నట్టు ‘రెండు వారాలు తీయలేదు, ఈ ఆదివారం తీస్తాను’ అని రాసెయ్. పోస్టు తీసేయాల్సిన పనిలేదు, ఎందుకంటే ఆ ఒక్క ఆదివారం మాట తప్పినా మళ్లీ నిలబెట్టుకోవచ్చు.

ఇంకొకటి. 31 అర్ధరాత్రి పెట్టకు. జనవరిలో మొదటి ఆదివారం సాధన అయ్యాక, వేళ్లు ఇంకా మంటగా ఉన్నప్పుడు పెట్టు.

నీ బాబాయి