నోటీసు షరతు తేలిక తెలుగులో

ప్రశ్న: విజయనగరంలో మా ఇల్లు అద్దెకిచ్చాను. "ఉభయులలో ఎవరైనను ఒక మాసము ముందుగా లిఖితపూర్వక నోటీసు నిచ్చి అద్దె ఒప్పందమును రద్దుపరచుకొనవచ్చును" అన్న షరతు అద్దెకున్నవాళ్లకు అర్థం కావట్లేదు. సులువుగా రాసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: రాసుకోవచ్చమ్మా. ఇలా రాయండి: "ఇంటివారైనా, అద్దెకున్నవారైనా ఈ ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. అందుకు నెల ముందు రెండోవారికి కాగితంపై రాసి నోటీసు ఇవ్వాలి."

"ఇంటివారైనా" జారిపోతే మీ హక్కు పోతుంది. "రాసి" తీసేస్తే ఫోన్‌లో చెప్పాం కదా అన్న వాదన వస్తుంది. "నెల"ను "30 రోజులు" చేయకండి, ఫిబ్రవరిలో లెక్క మారుతుంది.

పాత పత్రంపై దిద్దొద్దు. విడి కాగితంపై రాసి, ఇది వివరణేనని, తేడా వస్తే పాత షరతే చెల్లుతుందని చేర్చి ఇద్దరూ సంతకాలు చేయండి. నోటీసు గడువే మార్చాలన్నా, అడ్వాన్సుపై పేచీ వచ్చినా న్యాయవాదికి పత్రం చూపించండి.