రాసింది నువ్వే, కానీ కొత్తదేనా?

గత నెల గుంటూరు నుంచి ఒక తండ్రీ కొడుకూ నా దగ్గరికి వచ్చారు. అబ్బాయి సివిల్‌లో ఎంటెక్ పూర్తి చేశాడు, పీహెచ్‌డీకి వెళ్లాలని ఉంది. "ఇంటర్ అయ్యాక ఎంసెట్, జేఈఈ, ఇంకో రెండు ప్రైవేటు వర్సిటీల పరీక్షలు అన్నీ రాయించాం సార్, ఒకటి పోయినా ఇంకోటి వస్తుందని. ఇప్పుడు పేపర్ కూడా అలాగే రెండు జర్నల్స్‌కి పంపించాడు. అందులో తప్పేముంది?" అని అడిగారు తండ్రి. అబ్బాయి తల వంచుకుని కూర్చున్నాడు. ఆ పేపర్‌లో సగం అంతకుముందే ఒక కాన్ఫరెన్స్ ప్రొసీడింగ్స్‌లో అచ్చయిందన్న సంగతి ఇంకో పది నిమిషాలకు బయటపడింది.

ఆ తండ్రి దురాశపరుడు కాడు. పదేళ్లుగా ఎంట్రన్స్‌ల లోకంలో బతికినవాళ్లకి ఎన్ని చోట్ల దరఖాస్తు పెడితే అంత మంచిదన్న లెక్క ఒంటబట్టి ఉంటుంది. సీట్ల విషయంలో ఆ లెక్క సరైనదే. ఒకే ఎస్ఓపీని కొద్ది మార్పులతో పది వర్సిటీలకు పంపినా ఎవరూ తప్పుపట్టరు. పేపర్ విషయంలో మాత్రం పంపే రోజే జర్నల్ ఒక హామీ తీసుకుంటుంది. ఇది ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదని, ప్రస్తుతం వేరే ఏ జర్నల్ పరిశీలనలోనూ లేదని ఒక గడిలో టిక్ పెట్టిస్తుంది. ఆ అబ్బాయి వారం తేడాలో రెండు చోట్ల ఆ టిక్ పెట్టాడు. రెండోసారి పెట్టింది అబద్ధం. కాన్ఫరెన్స్ సంగతి చెప్పలేదు కాబట్టి మొదటిది కూడా పూర్తి నిజం కాదు.

అసలీ తొందర ఎందుకని అడిగితే, పేపర్లు లేనిదే పీహెచ్‌డీ సీటు రాదని ఎవరో చెప్పారట. యూజీసీ నిబంధనల ప్రకారం ప్రవేశానికి కావలసింది పీజీలో 55 శాతం మార్కులు, నెట్ లేదా వర్సిటీ ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ. థీసిస్ సమర్పించే ముందు పేపర్ ప్రచురించి తీరాలన్న షరతును కూడా యూజీసీ 2022లో తీసేసింది. కొన్ని వర్సిటీలు తమ సొంత నియమంగా ఉంచుకున్నాయి, అది ముందే కనుక్కోవాలి. ఇంకా సీటే రాని పిల్లాడి నెత్తిన తండ్రి "ఈ ఏడాది మూడు పేపర్లు" అని బరువు పెట్టడం మాత్రం నాకు మింగుడుపడదు. ఆ ఒత్తిడిలోంచే ఈ టిక్‌లు పుడతాయి.

"నా రాత నేను వాడుకుంటే దొంగతనం ఎలా అవుతుంది సార్?" అని అబ్బాయి అప్పుడు నోరు విప్పాడు. మంచి ప్రశ్న. సెల్ఫ్ ప్లేజియరిజం అనే పేరే తికమక పెడుతుంది. తన వస్తువును తాను దొంగిలించడం ఎవరికీ సాధ్యం కాదు. ఇక్కడ తప్పు సొత్తు గురించి కాదు, పాతదాన్ని కొత్తదని చెప్పడం గురించి. అందుకే ఆ అబ్బాయి చేసిన ప్రయోగాన్నే ముందు పెట్టుకుని లెక్క వేశాం.

అతని ఎంటెక్ పని ఊక బూడిద కలిపిన కాంక్రీట్ మీద. రైస్ మిల్లుల దగ్గర గుట్టలుగా పడి ఉండే బూడిదను సిమెంట్‌కు బదులు 0, 5, 10, 15, 20 శాతం చొప్పున కలిపి ఐదు మిశ్రమాలు చేశాడు. ఒక్కో మిశ్రమానికి 7 రోజులకు మూడు, 28 రోజులకు మూడు 150 మిల్లీమీటర్ల క్యూబ్‌లు పగలగొట్టాడు. మొత్తం 30 క్యూబ్‌లు. ఆ ఫలితాలు కాన్ఫరెన్స్ పేపర్‌లో వచ్చాయి. జర్నల్‌కు పంపిన పేపర్‌లోనూ అవే 30 క్యూబ్‌లు, వాటికి తోడు సిలిండర్ల మీద చేసిన స్ప్లిట్ టెన్సైల్ పరీక్ష. పాత పేపర్ ప్రస్తావన ఎక్కడా లేదు.

రేపు ఇంకెవరో ఊక బూడిద మీద వచ్చిన పేపర్లన్నీ పోగేసి, 10 శాతం దగ్గర బలం నిజంగా పెరుగుతుందా అని లెక్క కడతారు. వాళ్ల పట్టికలో ఈ అబ్బాయివి రెండు వరుసలుంటాయి. ఒకే ల్యాబ్‌లో ఒకేసారి పోసిన 30 క్యూబ్‌లు వాళ్లకు వేర్వేరుగా పోసిన 60 క్యూబ్‌లుగా కనబడతాయి. రెండు స్వతంత్ర ప్రయోగాల్లో ఒకే జవాబు వచ్చిందన్న నమ్మకం లేని చోట పుడుతుంది.

వైద్యంలో ఇది నిజంగానే జరిగింది. ఆపరేషన్ తర్వాత వాంతులు రాకుండా ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ మందు మీద వచ్చిన 84 ట్రయల్స్‌ను ట్రామెర్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు వడకట్టి చూసి, 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితం ప్రకటించారు. వాటిలో తొమ్మిది ట్రయల్స్ సమాచారం మరో 14 పేపర్లుగా మళ్లీ అచ్చయింది. ఒక్కదానిలోనూ "ఇది ఫలానా పేపర్‌లో వచ్చినదే" అన్న స్పష్టమైన సూచన లేదు. పైగా మందు బాగా పనిచేసినట్టు చూపిన ట్రయల్సే ఎక్కువగా రెండోసారి అచ్చయ్యాయి. ఆ నకళ్లను కూడా కలిపి లెక్కిస్తే మందు ప్రభావం 23 శాతం ఎక్కువగా కనబడింది. ఇక్కడ సమస్య పరాయివాళ్ల వాక్యాలు ఎత్తుకురావడం కాదు, ఒకే డేటాను రెండుసార్లు లెక్కించడం. ఇది చెప్పాక ఆ అబ్బాయి "క్యూబ్‌లైతే ఫర్వాలేదు గానీ" అని మొదలుపెట్టి ఆపేశాడు. స్లాబ్ కింద నిలబడేదీ మనుషులే కదా.

యూజీసీ 2020 ఏప్రిల్‌లో దీని మీద ప్రత్యేకంగా ఒక ప్రకటన ఇచ్చింది. సరైన ప్రస్తావన లేకుండా తన పాత పేపర్‌ను మళ్లీ ప్రచురించినా, పెద్ద అధ్యయనాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కనూ కొత్త పనిగా చూపినా, పాత డేటాను మళ్లీ వాడినా ఒప్పుకోమంది. చాలామంది చదవకుండా వదిలేసే మాట ఇంకొకటుంది: తన పాత వాక్యాలను తానే మాటలు మార్చి రాసినా ప్రస్తావన ఇవ్వాల్సిందే. అధ్యాపక నియామకాలప్పుడూ పదోన్నతులప్పుడూ అభ్యర్థుల పేపర్లను ఈ కోణంలో చూడాలని సెలక్షన్ కమిటీలకు కూడా చెప్పింది. ఇరవై నాలుగేళ్లకు చేసిన పని ముప్పై అయిదేళ్లప్పుడు ఇంటర్వ్యూ బల్ల మీదికి వస్తుంది.

ఇక్కడే డబ్బు గుంజేవాళ్లు కాచుకుని ఉంటారు. ఈ తండ్రిని కూడా ఒక ఏజెంట్ పట్టుకున్నాడు. థీసిస్ ఇస్తే మూడు పేపర్లు చేసి, "సిమిలారిటీ పది శాతం లోపుకు దించి" ప్రచురించి పెడతానని అరవై వేలు అడిగాడట. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదన్నది నిజమే. ఆ అంకె చూసి అది దాటకపోతే పాపం లేదనుకుంటారు. సాఫ్ట్‌వేర్ కొలిచేది మాటల వరుసను మాత్రమే. 30 క్యూబ్‌ల పట్టికను నిలువుకు బదులు అడ్డంగా వేసి, పక్కన గ్రాఫ్ రంగు మారిస్తే నివేదికలో నాలుగు శాతమే రావచ్చు. అయినా అది పాత డేటాయే. పోలిక తగ్గించడానికి మాటలు మార్చే పనిలో సాంకేతిక పదాలు కూడా వికృతమైపోతాయి. బ్రెస్ట్ క్యాన్సర్ అనాల్సిన చోట 'బోసమ్ పెరిల్' అని రాసిన పేపర్లు ఇలాగే దొరికిపోయాయి. డబ్బిచ్చి తప్పును కప్పించుకుంటే, అనుకోకుండా జరిగిందని చెప్పుకునే దారి కూడా మూసుకుపోతుంది. పిల్లల పేరు మీద ఇలాంటి ప్యాకేజీలు కొనకండి.

దొరకడం కూడా చాలాసార్లు సాఫ్ట్‌వేర్ వల్ల కాదు. ఊక బూడిద కాంక్రీట్ మీద లోతుగా పనిచేసేవాళ్లు లెక్కపెట్టదగినంత మందే. రెండు జర్నల్స్ ఎడిటర్లూ ఒకే మనిషికి రివ్యూ పంపడం వింతేమీ కాదు. ఆయన జీతం లేకుండా రాత్రిపూట కూర్చుని చదివే మనిషి. ఒకే పేపర్ రెండు చోట్ల నుంచి వచ్చిందని చూసిన రోజున ఇద్దరు ఎడిటర్లకూ ఉత్తరం వెళ్తుంది. రెండు చోట్లా తిరస్కరిస్తారు, గైడ్‌కూ కాలేజీకీ తెలియజేయవచ్చు. అచ్చయ్యాక బయటపడితే రిట్రాక్షన్ అవుతుంది. పేపర్ ఉన్న చోటే రిట్రాక్టెడ్ అన్న మాట అతని పేరు పక్కన ఉండిపోతుంది.

అలాగని పాత రాతను ముట్టుకోకూడదని కాదు. ఐఎస్ 516 ప్రకారం క్యూబ్‌ను ఎలా పరీక్షించామో చెప్పే నాలుగు వాక్యాలు రెండు పేపర్లలో ఒకేలా ఉంటే చాలామంది ఎడిటర్లు అర్థం చేసుకుంటారు, పాత పేపర్‌ను అక్కడ పేర్కొంటే చాలు. కాన్ఫరెన్స్ పేపర్‌ను పెంచి జర్నల్‌కు రాయడం ఇంజినీరింగ్‌లో మామూలే, కొన్ని జర్నల్స్ కనీసం 30 శాతం కొత్త విషయం ఉండాలంటాయి. థీసిస్‌లోంచి పేపర్ రాయడాన్ని కూడా ఎక్కువ జర్నల్స్ ఒప్పుకుంటాయి. వీటన్నిటికీ షరతు ఒకటే, ముందే చెప్పాలి.

చెప్పడమంటే రిఫరెన్సుల చివర పద్దెనిమిదో నంబరుగా పాత పేపర్‌ను దాచడం కాదు. ఆ అబ్బాయి చేత ఎడిటర్‌కు రాసే ఉత్తరంలో ఈ అర్థం వచ్చేలా రాయించాను: "ఈ పేపర్‌లోని 7, 28 రోజుల కంప్రెసివ్ ఫలితాలు ఫలానా కాన్ఫరెన్స్ ప్రొసీడింగ్స్‌లో వచ్చాయి. స్ప్లిట్ టెన్సైల్ ఫలితాలు, వాటి విశ్లేషణ కొత్తవి. పాత పేపర్ కాపీ జతచేస్తున్నాను." అదే మాట పేపర్ పరిచయంలో ఒక వాక్యంగా, పాత అంకెలున్న పట్టిక శీర్షికలో ఇంకో వాక్యంగా రావాలి. ఎందుకంటే ఉత్తరం చదివేది ఎడిటర్ ఒక్కరే. రేపు పట్టికను పోగేసే పాఠకుడికి ఆ ఉత్తరం కనబడదు. కాన్ఫరెన్స్‌వాళ్లకు కాపీరైట్ ఫారం మీద సంతకం పెట్టి ఉంటే, పాత గ్రాఫ్‌ను ఉన్నదున్నట్టు వాడటానికి వాళ్ల అనుమతి కూడా తీసుకోవాలి.

అమెరికాలో ఎంఎస్ చేస్తున్న పిల్లలకూ ఒక మాట. ఒక కోర్సుకు రాసిన ప్రాజెక్ట్ రిపోర్టునే ఇంకో కోర్సుకు ఇవ్వడం అక్కడి వర్సిటీలు చాలావరకు ఉల్లంఘనగానే చూస్తాయి. ఇద్దరు ప్రొఫెసర్లకూ ముందే మెయిల్ పెట్టి అడిగితే, కొంచెం పెంచి రాయమని ఒప్పుకునేవాళ్లు ఉంటారు. అడగకుండా ఇచ్చి పట్టుబడితే కోర్సు పోవచ్చు. సస్పెన్షన్ దాకా వెళ్తే విద్యార్థి వీసా హోదాకే ఎసరు.

గుంటూరు అబ్బాయి ఆ సాయంత్రమే రెండో జర్నల్‌కు ఉత్తరం రాసి పేపర్ వెనక్కి తీసుకున్నాడు. కారణం దాచలేదు. మొదటి జర్నల్‌కు కాన్ఫరెన్స్ సంగతి తెలియజేశాడు. మూడు వారాలకు అక్కడి నుంచి జవాబు వచ్చింది: పాత పేపర్ రివ్యూయర్‌కు పంపాం, దానికంటే ఇందులో కొత్తగా తేలిందేమిటో ఇంకా స్పష్టంగా చూపించండి అని. ఊక బూడిదలోని సిలికా సున్నంతో నెమ్మదిగా కలుస్తుంది కాబట్టి అసలు కథ 28 రోజుల తర్వాతే ఉంటుందని గైడ్ అన్నారట. మూడు పేపర్ల మాట తండ్రి మళ్లీ ఎత్తలేదు. 90 రోజుల పరీక్ష కోసం కొత్తగా పోసిన 15 క్యూబ్‌లు ఇప్పుడు కాలేజీ ల్యాబ్ తొట్టిలో నీళ్లలో నానుతున్నాయి.