మెసేజ్ పంపే ముందు

కేసముద్రం

బిడ్డా,

నువ్వు రాసి పంపిన మెసేజ్ రెండుసార్లు చదివిన. మానుకోటలో లాయరు దగ్గర నోటీసులు రాసిన చెయ్యి నాది. అందుకే నీ బాధ సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు నీ మాటల సంగతి చూద్దాం. ఆ పిల్లవాడితో తెంచుకోవాలన్న నిర్ణయం నీది. అందులో నేను తలదూర్చను.

నువ్వు రాసిందేమిటి? “ప్లీజ్ అర్థం చేసుకో, ఇప్పట్లో నీతో మాట్లాడలేను. నీకు ఎప్పుడు వీలైతే అప్పుడు నా సామాన్లు ఇవ్వు.” ఇందులో మర్యాద ఉంది, కాదనను. కానీ “ఇప్పట్లో” అన్నావు గనుక అతను వచ్చే నెల మళ్లీ ఫోను చేస్తాడు. “ఎప్పుడు వీలైతే అప్పుడు” అన్నావు గనుక రోజూ ఒక కబురు పెట్టడానికి సాకు దొరుకుతుంది. మాట్లాడొద్దని ఒక పక్క అంటూనే, సామాన్ల పేరుతో మాట్లాడే దారి నువ్వే తెరిచి పెడుతున్నావు. సామాన్ల బాధ్యత నీ చేతుల్లోంచి ఇంకొకరి చేతికి పోతే తప్ప ఆ దారి మూతపడదు.

ముందు ఏమేం అడగాలో తేల్చుకో. నీ జాబితాలో టెన్త్, ఇంటర్ ఒరిజినల్ మెమోలు, ల్యాప్‌టాప్, అమ్మమ్మ ఇచ్చిన వెండి పట్టీలు, నాలుగు నవలలు, ఒక స్వెటరు, పుట్టినరోజుకు నువ్వు కొనిచ్చిన బూట్లు ఉన్నాయి. బూట్లు తీసెయ్యి. ఇష్టపడి ఇచ్చింది ఇచ్చినట్టే, తెగిపోయిందని వెనక్కి అడిగే హక్కు లేదు. నవలలు, స్వెటరు వదిలెయ్యి. జాబితా పెరిగినకొద్దీ “ఇది దొరకలేదు, అది వెతుకుతున్న” అనే మాటలు పెరుగుతాయి. మెమోలు, ల్యాప్‌టాప్, పట్టీలు మాత్రం ఉంచు. మెమోలు రావేమోనని భయపడకు. టెన్త్ మెమో పోతే బడి హెడ్‌మాస్టరు ద్వారా బోర్డుకు దరఖాస్తు పెట్టి డూప్లికేటు తెచ్చుకోవచ్చు. కాగితాల కోసం అతను చెప్పినట్టల్లా ఆడాల్సిన పని లేదు.

మెసేజ్ కంటే ముందు చేయాల్సింది ఇంకొకటుంది. ల్యాప్‌టాప్ అతని దగ్గరే ఉంది కదా, అందులో నీ గూగుల్ ఖాతా, వాట్సాప్ తెరిచే ఉండి ఉంటాయి. ఈ రాత్రే ఫోన్‌లో వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ తెరిచి అన్నీ లాగౌట్ చెయ్యి. గూగుల్ పాస్‌వర్డు మార్చు, మిగతా పరికరాలన్నిట్లోంచి ఖాతా బయటికి తీసెయ్యి, రికవరీ నంబరు నీదో కాదో చూడు. మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ ఆపు. ఫోన్ లాక్ అతనికి తెలుసంటే అదీ మార్చు. పాత చాట్‌లు మాత్రం ఒక్కటీ చెరపొద్దు.

ఇక మెసేజ్. నేనైతే ఇట్ల రాస్తా:

“మన మధ్య ఉన్నది ముగిసింది. ఈ నిర్ణయం మారదు. నా టెన్త్, ఇంటర్ ఒరిజినల్ మెమోలు, ల్యాప్‌టాప్, ఛార్జరు, వెండి పట్టీలు నీ దగ్గర ఉన్నాయి. వచ్చే ఆదివారం పొద్దున 11 గంటలకు మా అన్న హనుమకొండ బస్టాండులో విచారణ కౌంటరు దగ్గర ఉంటాడు, దయచేసి అతనికి ఇవ్వు. నీ వాచీ, ఇయర్‌ఫోన్లు అతను తెచ్చి ఇస్తాడు. రావడం కుదరకపోతే మా పెద్దమ్మ అడ్రసుకు పంపు, ఖర్చు మేం ఇస్తాం. సామాన్ల గురించి ఏదున్నా మా అన్న నంబరుకే చెప్పు. ఇక నుంచి నాకు ఫోన్ చేయవద్దు, మెసేజ్ పెట్టవద్దు, హాస్టల్‌కు గానీ కాలేజీకి గానీ రావద్దు, స్నేహితులతో కబురు పంపవద్దు.”

ఇందులో తిట్టు లేదు, బెదిరింపు లేదు, ఎందుకు వద్దనుకున్నావో కూడా లేదు. కారణం చెప్తే దానికి జవాబు వస్తుంది, జవాబుకు నువ్వు జవాబివ్వాల్సి వస్తుంది. పోలీసుల పేరు ఈ మొదటి మెసేజ్‌లో ఎత్తకు. సామాను తిరిగిచ్చే ఉద్దేశం ఉన్నవాడిని కూడా ఆ మాట మొండివాణ్ణి చేస్తుంది. పంపిన తర్వాత స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపు.

మెసేజ్ చివరి వాక్యానికి చట్టంలో బలం ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం, ఇష్టం లేదని ఆడపిల్ల స్పష్టంగా చెప్పాక కూడా పదేపదే వెంటపడటం, పలకరించాలని చూడటం నేరం. మొదటిసారి తప్పు రుజువైతే మూడేళ్ల దాకా, మళ్లీ చేస్తే ఐదేళ్ల దాకా జైలు. స్పష్టంగా చెప్పావా అని రేపు ఎవరైనా అడిగితే ఈ మెసేజే జవాబు. “ఇప్పట్లో” అన్న నీ పాత మెసేజ్ ఆ పనికి రాదు.

అన్నతో పాటు ఇంకొకరు వెళ్లాలి. చిన్నోడు కోపిష్టి, వాణ్ణి మాత్రం పంపొద్దు. వాడు చెయ్యి చేసుకుంటే న్యాయం అటు తిరుగుతుంది. నువ్వైతే అసలే పోవద్దు. “చివరిసారి ఒక్కసారి కలువు, నీ చేతికే ఇస్తా” అని తప్పకుండా అంటాడు. బతిమాలినా, ఏడ్చినా పోకు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ పిల్లల మీద యాసిడ్ పోసిన సంగతి నీకు ఊహ తెలియని నాటిది, మాకు మాత్రం నిన్నటి లెక్కే. నీవాడు అట్లాంటివాడని అనడం లేదు. ఎట్లాంటివాడో తెలుసుకోవడానికి నిన్ను పంపించలేను.

పోస్టులో పంపుతానంటే స్పీడ్ పోస్టే చేయమని అన్నతో చెప్పించు. రిజిస్టర్డ్ పోస్టు 2025లో అందులోనే కలిసిపోయింది. రసీదు నంబరు అన్నకే పెట్టాలి. ల్యాప్‌టాప్‌ను ఆర్టీసీ కార్గోలో వేసినా నడుస్తుంది, మెమోలు మాత్రం వద్దు.

మెసేజ్ పోయాక అతను ఏం రాసినా నువ్వు పలకొద్దు. నలభై సార్లు ఫోన్ చేస్తే నలభై ఒకటోసారి ఎత్తి “చెయ్యొద్దన్నా కదా” అన్నావనుకో, నలభై సార్లు చేస్తే ఎత్తుతుందని అతనికి నేర్పినట్టే. “చచ్చిపోతా” అంటే మాత్రం ఊరుకోకు. అన్నకు చెప్పు, అన్న వెంటనే వాళ్ల ఇంటివాళ్లకు చెప్తాడు, అవసరమైతే 112కు ఫోన్ చేస్తాడు. అప్పుడు కూడా నువ్వు పరుగెత్తొద్దు. ఆదివారం దాటి వారమైనా సామాను రాకపోతే లాయరు నోటీసు నేను రాయిస్తా. వెంటపడటం ఆగకపోతే షీ టీమ్‌కు పోదాం. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో మొదలైన ఆ బృందాలు ఇప్పుడు జిల్లాల్లో కూడా ఉన్నాయి. 181కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు.

ఇంకొక మాట, నీకు అన్నిటికంటే కష్టమైనది ఇదే. “మీ ఇంట్లో చెప్తా” అని అతను ఇప్పటికే ఒకసారి అన్నాడని రాసినవు. ఇంట్లో తెలియనంత కాలం ఆ మాట అతని చేతిలో ఉంటుంది, నువ్వెంత మంచి మెసేజ్ రాసినా దాని ముందు నిలవదు. అందుకే మెసేజ్ కంటే ముందు మీ అమ్మకు తెలియాలి. అది నాకు వదిలెయ్యి. మా చెల్లె ముందు అరుస్తది, తర్వాత ఏడుస్తది, పొద్దుగూకే సరికి నీ పక్కన నిలబడుతది. మీ నాన్నకు ఎప్పుడు ఎట్ల చెప్పాలో మేమిద్దరం చూసుకుంటం. శుక్రవారం పొద్దున అమ్మ దగ్గరికి పోత. నేను ఫోన్ చేసి చెప్పేదాకా మెసేజ్ పంపకు. పాస్‌వర్డులు మాత్రం ఈ రాత్రే మార్చు. పైలం బిడ్డా.

మీ పెద్దమ్మ