ఇబాదీలు ఎవరు? ఒమాన్‌లో చదివే రెండు రకాతుల జుహర్ వెనుక ఉన్న విషయం

ఉపాధి కోసం ఒమాన్ వెళ్లిన మన సోదరులు సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు తరచుగా ఒక ప్రశ్న వెంట తెస్తారు. "అక్కడి ఇమాము నమాజులో చేతులు కట్టుకోడు. సూరె ఫాతిహా తర్వాత ఆమీన్ అనరు. తక్బీర్ చెప్పేటప్పుడు చేతులెత్తరు. వాళ్లు షియాలా? ఊళ్లో ఒకాయన ఖారిజీలని కూడా అన్నాడు. నిజమేనా?" ఈ ప్రశ్న చిన్నది కాదు. ఒక ముస్లిమును ఇస్లాం పరిధి నుంచి బయటికి నెట్టే మాట అందులో ఉంది. అందుకే ఇబాదీల సంగతి కాస్త వివరంగా తెలుసుకుందాం.

ఇబాదీలు సున్నీలు కారు, షియాలూ కారు. ఈ చీలిక మూలాలు క్రీ.శ. 657లో జరిగిన సిఫ్ఫీన్ యుద్ధంలో ఉన్నాయి. హజ్రత్ అలీ (రజి), హజ్రత్ ముఆవియా (రజి) సేనలు తలపడినప్పుడు వివాదాన్ని మధ్యవర్తులకు అప్పగించాలని ఒప్పందం జరిగింది. తీర్పు అల్లాహ్‌దే తప్ప మనుషులది కాదంటూ కొందరు అలీ (రజి) సైన్యం నుంచి విడిపోయారు. మరుసటి సంవత్సరం నహ్రవాన్ దగ్గర వారిలో చాలామంది హతులయ్యారు. మిగిలినవారిలో అనేకులు బస్రా నగరం చేరారు.

684 ప్రాంతంలో బస్రాలోని ఆ వర్గమే మళ్లీ రెండుగా చీలింది. నాఫి ఇబ్న్ అజ్రఖ్ అనే నాయకుడు, తమతో కలిసి రాని ముస్లిములంతా ముష్రిక్కులేనని, వారి ప్రాణాలు, ఆస్తులు తమకు హలాల్ అని ప్రకటించాడు. బస్రాలో ఉండిపోయినవారు ఈ వాదాన్ని తోసిపుచ్చారు. వారి తరఫున మాట్లాడినవారిలో అబ్దుల్లాహ్ ఇబ్న్ ఇబాద్ ఒకరు. ఇబాదీ అనే పేరు ఆయన నుంచే వచ్చింది. అయితే తమ అసలు గురువు జాబిర్ ఇబ్న్ జైద్ అని ఇబాదీలు చెబుతారు. ఆయన ఒమాన్‌లోని నిజ్వా ప్రాంతానికి చెందినవారు, హజ్రత్ ఇబ్న్ అబ్బాస్ (రజి) శిష్యులు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లోనూ ఆయన ఉల్లేఖనలు ఉన్నాయి.

విశ్వాసాల్లో వీరి ప్రత్యేకత ఈ చీలిక నుంచే అర్థమవుతుంది. కబీరా గునాహ్, అంటే ఘోర పాపం, చేసిన ముస్లిం ఏమవుతాడు? నాఫి వర్గం అతన్ని ముష్రిక్ అంది. సున్నీలు అతన్ని పాపం చేసిన మోమిన్ అంటారు. ఇబాదీలు మధ్యలో ఒక మాట వాడారు: కుఫ్రె నిఅమత్, అంటే అల్లాహ్ అనుగ్రహం పట్ల కృతఘ్నత. అలాంటి వాడితో ఆత్మీయత తెంచుకోవాలి, కానీ అతను ముస్లిం సముదాయంలోనే ఉంటాడు. అతనితో పెళ్లి సంబంధాలు, వారసత్వం చెల్లుతాయి, అతని ప్రాణానికి, ఆస్తికి రక్షణ ఉంటుంది. ఆత్మీయత తెంచుకోవడాన్ని వారు బరాఅత్ అంటారు. అది మనసుకు సంబంధించిన దూరమే, కత్తి ఎత్తడానికి అనుమతి కాదు. తమను ఖారిజీలనడాన్ని ఇబాదీలు ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే.

అయితే సున్నీలతో నిజమైన భేదాలు కూడా ఉన్నాయి, వాటిని దాచనవసరం లేదు. తౌబా చేయకుండా మరణించిన ఘోర పాపి నరకంలో శాశ్వతంగా ఉంటాడని ఇబాదీలు నమ్ముతారు. పరలోకంలో కూడా అల్లాహ్‌ను కళ్లతో చూడటం అసాధ్యమంటారు. హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి)ల ఖిలాఫత్‌ను గౌరవిస్తారు గానీ, హజ్రత్ ఉస్మాన్ (రజి) చివరి సంవత్సరాలనూ, అలీ (రజి) మధ్యవర్తిత్వాన్ని ఒప్పుకోవడాన్నీ వారి పాత గ్రంథాలు తప్పుపడతాయి. ఇది మనకు బాధ కలిగించే విషయమే.

నాయకత్వం విషయంలో వీరు షియాలకు పూర్తిగా దూరం. ఇమామత్ ప్రవక్త (స) వంశానికి కట్టుబడినదని షియాలు నమ్ముతారు. ఖలీఫా ఖురైష్ తెగవాడై ఉండాలని పూర్వ సున్నీ పండితులు షరతు పెట్టారు. ఇబాదీలు ఈ రెండింటినీ అంగీకరించరు. జ్ఞానం, దైవభీతి ఉన్న ఏ ముస్లిమునైనా పెద్దలు ఇమాముగా ఎన్నుకోవచ్చు, అన్యాయం చేస్తే తొలగించనూ వచ్చు. ఒమాన్‌లో తొలి ఇమాము ఎన్నిక 750 ప్రాంతంలో జరిగింది. ఉత్తర ఆఫ్రికాలోని తాహర్త్ నగరంలో ఇబాదీ రాజ్యం 909 వరకు నిలిచింది. నేటికీ అల్జీరియాలోని మ్జాబ్, ట్యునీషియాలోని జెర్బా, లిబియాలోని నఫూసా కొండల్లో ఇబాదీలు ఉన్నారు.

ఇక ఫిఖహ్. ఖుర్ఆన్, సున్నత్, ఇజ్మా, ఖియాస్ అనే ఆధారాలు వారికీ ఉన్నాయి. హదీసుల్లో వారు ముందుగా చూసేది రబీ ఇబ్న్ హబీబ్ సంకలనం. దాని ప్రామాణికతను సున్నీ హదీసు పండితుల్లో చాలామంది ఒప్పుకోరు. షియాల మాదిరిగా పాపరహితుడైన ఇమాము మాటను ఆధారంగా తీసుకోవడం ఇబాదీల్లో లేదు. ఈ పద్ధతి ఆచరణలో ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

రాయచోటి నుంచి వెళ్లిన ఒక హనఫీ సోదరుడు రెండేళ్ల ఒప్పందం మీద మస్కట్‌లో పనిచేస్తున్నాడనుకుందాం. అతని తోటి ఉద్యోగి నిజ్వా వాసి. ఐదేళ్లుగా మస్కట్‌లోనే అద్దె గదిలో ఉంటున్నాడు. జుహర్‌కు మనవాడు నాలుగు రకాతులు చదువుతాడు, ఒమానీ రెండే చదివి సలాం చెబుతాడు. మనవాడికి ఇది బద్ధకంలా తోస్తుంది.

నిజానికి ఇద్దరూ తమ తమ ఫిఖహ్‌నే పాటిస్తున్నారు. ప్రయాణంలో నమాజు కుదించడం, అంటే ఖస్ర్, హనఫీలకూ ఇబాదీలకూ తప్పనిసరే. మొదట్లో నమాజు రెండు రకాతులుగానే విధి అయిందని, స్వస్థలంలో ఉన్నవారికి తర్వాత పెరిగిందని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన మాట ఇద్దరికీ ఆధారం. భేదం వచ్చేది ప్రయాణం ఎక్కడ ముగుస్తుందన్న దగ్గర. హనఫీ ఫిఖహ్‌లో ఒకచోట 15 రోజులు ఉండే సంకల్పం ఉంటే పూర్తి నమాజు చదవాలి. షియాల జాఫరీ ఫిఖహ్‌లో ఆ గడువు 10 రోజులు. ఇబాదీ ఫిఖహ్‌లో రోజుల లెక్క లేదు. ఆ ఊరిని తన వతన్‌గా, అంటే స్థిర నివాసంగా చేసుకున్నాడా లేదా అన్నదే ప్రశ్న. చేసుకోనంత కాలం, ఏళ్లు గడిచినా అతను ముసాఫిరే. దూరం మాత్రం రెండు ఫర్సఖ్‌లు, అంటే సుమారు 12 కిలోమీటర్లు దాటితే చాలు. దైవప్రవక్త (స) మదీనాలో జుహర్ నాలుగు రకాతులు చదివి, బయలుదేరాక జుల్ హులైఫా దగ్గర అస్ర్ రెండు రకాతులు చదివారన్న హదీసు వారికి ఇందులో ఆధారం.

అదే ఒమానీ రేపు మస్కట్‌లో స్థిరపడాలని నిశ్చయించుకుని ఆ ఊరిని వతన్ చేసుకుంటే, ఆ రోజు నుంచి అతనూ నాలుగు రకాతులే చదువుతాడు.

జమాఅత్‌లో పొరపాటు జరిగేది ఇక్కడే. ముసాఫిర్ ఇమాము రెండు రకాతులకే సలాం చెప్పగానే, కొత్తగా వెళ్లిన మనవారు అతను మరిచిపోయాడనుకుని తామూ సలాం చెప్పి వెళ్లిపోతారు. అలా చేయకూడదు. ముఖీమ్‌గా ఉన్నవారు ఇమాము సలాం తర్వాత లేచి మిగిలిన రెండు రకాతులు పూర్తి చేసుకోవాలి. హనఫీ ఫిఖహ్ కూడా చెప్పేది ఇదే.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. ఒమాన్‌లో సున్నీలూ ఇబాదీలూ ఒకే మస్జిదులో, ఒకే సఫ్‌లో నిలబడి నమాజు చేస్తున్నారు. 2005లో అమ్మాన్ నగరంలో సమావేశమైన వివిధ దేశాల పండితులు ఎనిమిది మజ్‌హబ్‌ల అనుచరులను ముస్లిములుగా గుర్తిస్తూ, వారిని కాఫిర్లనడం తగదని ప్రకటించారు. ఆ ఎనిమిదింటిలో ఇబాదీ ఒకటి. నమాజు మసాయిల్‌లో సందేహం ఉంటే మన ఆలిములను అడుగుదాం. కానీ సాటి ముస్లిములను ముష్రిక్కులనడానికి నిరాకరించి ఒక తీవ్రవర్గం నుంచి విడిపోయినవారిని, ఆ తీవ్రవర్గం పేరుతోనే పిలవడం మాత్రం న్యాయం కాదు.