మైనం అచ్చా, స్టీలు డైయా?

చిన్న పోత భాగాన్ని చేతికిచ్చి, దీన్ని ఏ పద్ధతిలో చేస్తారని ఫౌండ్రీ ఇంటర్వ్యూలో అడిగితే మెకానికల్ విద్యార్థుల నుంచి తరచూ వచ్చే సమాధానం ఒకటుంది. వేలల్లో కావాలంటే డై క్యాస్టింగ్, కచ్చితత్వం కావాలంటే ఇన్వెస్ట్‌మెంట్ క్యాస్టింగ్ అని. ఇందులో మొదటి సగం సంగతి లెక్క వేస్తే గానీ తేలదు. రెండో సగం మాత్రం చాలావరకు తప్పు. ఇన్వెస్ట్‌మెంట్ పద్ధతిలో ముందు మైనం నమూనా పోస్తారు. దానికి సిరామిక్ ముద్ద ఆరేడు పూతలు పట్టించి, ఒక్కో పూతనూ ఆరబెడతారు. తర్వాత మైనాన్ని కరిగించి తీసేసి, షెల్‌ను కాల్చి, అందులో లోహం పోస్తారు. చల్లారేటప్పుడు మైనమూ కుంచించుకుంటుంది, లోహమూ కుంచించుకుంటుంది. కాలిన షెల్ కొలత కూడా కాస్త మారుతుంది. ఈ మూడు మార్పులూ కలిసే చోట 25 మిల్లీమీటర్ల కొలతకు సుమారు 0.13 మిల్లీమీటర్లు అటూఇటూ రావడం మామూలే. డై క్యాస్టింగ్‌లో లోహం నేరుగా గట్టి స్టీలు డైలోకి ఒత్తిడితో వెళుతుంది. డైని శ్రద్ధగా చేస్తే, ఒకే సగంలో ఉన్న కొలతను అంతకన్నా దగ్గరగా పట్టుకోవచ్చు. రెండు సగాలు కలిసే పార్టింగ్ లైన్‌ను దాటే కొలతల దగ్గరే అది కాస్త సడలుతుంది.

మరి ఇన్వెస్ట్‌మెంట్ క్యాస్టింగ్ బలం ఎక్కడుంది? లోహంలో, ఆకారంలో. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర, జింక్ 420 దగ్గర కరుగుతాయి కాబట్టి స్టీలు డై వాటిని తట్టుకుంటుంది. అయినా అల్యూమినియం పోతలో లక్ష షాట్లు దాటేసరికి డై ముఖం మీద సన్నని పగుళ్ల వల మొదలవడం సాధారణమే. స్టెయిన్‌లెస్ స్టీలు పోయాలంటే 1500 డిగ్రీలు దాటాలి. డై కూడా స్టీలే కదా! కాబట్టి భాగం స్టీలుదైతే ఈ పోలిక అక్కడితో ముగిసినట్టే. హైదరాబాద్‌లోని డీఎంఆర్‌ఎల్ హెలికాప్టర్ ఇంజిన్ కోసం సింగిల్ క్రిస్టల్ టర్బైన్ బ్లేడ్లను మైనం, సిరామిక్ షెల్ దారిలోనే తయారుచేసింది. ఆదిలాబాద్ డోక్రా కళాకారులు ఇత్తడి బొమ్మలు పోసేదీ మూలంలో ఇదే సూత్రంతో.

అసలు చిక్కు భాగం అల్యూమినియందై, రెండు దారులూ తెరిచి ఉన్నప్పుడు వస్తుంది. 80 గ్రాముల సెన్సర్ కవచం అనుకుందాం. దాని లోపల అడ్డంగా ఒక గాడి ఉంది. లెక్క అర్థం కావడానికి నేను అనుకున్న అంకెలివి: మైనం డైకి, గాడి కోసం వాడే కరిగే కోర్‌తో సహా 1.5 లక్షలు, ఒక్కో భాగానికి 260 రూపాయలు. స్టీలు డైకి 9 లక్షలు, ఒక్కో భాగానికి 60 రూపాయలు. డైల ఖర్చులో తేడా 7.5 లక్షలు, భాగంలో తేడా 200. భాగిస్తే 3,750 దగ్గర రెండూ సమానం. కానీ గాడిని మరిచిపోయాం. దాన్ని పట్టుకుని ఉన్న డై భాగం బయటికి రాదు కాబట్టి పోత అయ్యాక మెషినింగ్ చేయాలి. దానికి 50 రూపాయలు కలిపితే తేడా 150కి పడిపోతుంది, సమాన బిందువు 5,000కి జరుగుతుంది. ఏడాదికి 1,500 చొప్పున నాలుగేళ్ల ఆర్డరైతే 6,000 భాగాలు. డై క్యాస్టింగే లాభం. రెండేళ్లకు డిజైన్ మారి 3,000తోనే ఆగిపోతే? డై దారిలో మొత్తం 12.3 లక్షలు, మైనం దారిలో 9.3 లక్షలు. అంటే ఆర్డరు కాగితం మీది సంఖ్యకన్నా ఆ డిజైన్ ఎన్నాళ్లు నిలుస్తుందన్నదే పెద్ద ప్రశ్న.

అంత ఖర్చు తేడా ఉన్నప్పుడు పెద్ద సంఖ్యలకు డై క్యాస్టింగ్ తప్ప వేరే ఆలోచన ఎందుకని అడగొచ్చు. లోహం అతి వేగంగా దూసుకెళ్లేటప్పుడు డైలోని గాలి అందులో చిక్కుకుంటుంది. పైచర్మం నున్నగా ఉంటుంది కాబట్టి కంటికి ఏమీ కనిపించదు. డ్రిల్ చేశాక రంధ్రం గోడలో చిన్న గుంటలుగా, నీళ్లలో ముంచి గాలి ఒత్తిడి పెట్టినప్పుడు బుడగలుగా బయటపడుతుంది. బలం కోసం ఎక్కువ వేడి మీద హీట్ ట్రీట్‌మెంట్ చేయబోతే లోపలి గాలి ఉబ్బి ఉపరితలం మీద పొక్కులు లేస్తాయి. వాక్యూమ్ పద్ధతి దీన్ని చాలా తగ్గిస్తుంది, కానీ ఖర్చు పెంచుతుంది కాబట్టి పై లెక్క మళ్లీ వేయాలి. త్రీడీ ప్రింటర్‌లో నమూనా తీస్తే మైనం డై కూడా అక్కర్లేదు కదా అన్నది ఇంకో ప్రశ్న. పది, ఇరవై భాగాలకు అది సరైనదే. వందలు దాటితే ఆ నమూనాలన్నిటికీ కలిపి అయ్యే ఖర్చే మైనం డై ధరను మించిపోతుంది.

ఉద్యోగం ఎంచుకునేటప్పుడు ఈ తేడాలే రోజువారీ పనిగా కనిపిస్తాయి. డై క్యాస్టింగ్ నైపుణ్యం ఎక్కువగా డై డిజైన్‌లో, షాట్ వేగం సర్దడంలో ఉంటుంది. అటు వెళ్లాలనుకునేవారికి హైదరాబాద్ బాలానగర్‌లోని సీఐటీడీలో టూల్, డై తయారీ డిప్లొమా దగ్గరి దారి. ఇన్వెస్ట్‌మెంట్ ఫౌండ్రీలు, ముఖ్యంగా గుజరాత్‌లోని రాజ్‌కోట్ చుట్టుపక్కలవి, సిరామిక్ ముద్ద చిక్కదనాన్ని, షెల్ ఆరే గది తేమను, ఉష్ణోగ్రతను గమనించగల మెటలర్జీ మనిషిని కోరుకుంటాయి. ఇంటర్వ్యూలో చేతికిచ్చిన ముక్కను తిప్పి చూడండి: గుండ్రటి పిన్ను మచ్చలుంటే అది డై నుంచి తోయబడి వచ్చింది, ఒకచోట మాత్రమే గ్రైండింగ్ చేసిన గుర్తుంటే ఇన్వెస్ట్‌మెంట్ పోత చెట్టు నుంచి కోసింది అయ్యుండొచ్చు.