చెవికీ చెయ్యికీ మధ్య ఐదు నెలలు

మా మేనకోడలు అమెరికాలో ద్రావిడ భాషాశాస్త్రంలో పిహెచ్‌డి చేస్తోంది. అక్కడ కోర్సులు అయ్యాక, సిద్ధాంత వ్యాసం మొదలుపెట్టే ముందు సమగ్ర పరీక్ష ఒకటి దాటాలి. ముందు రాత, తర్వాత ఆచార్యుల ముందు మౌఖికం. మన ఐఐటీల్లోనూ ఇలాంటిదే ఉంది. ఆమె పరీక్ష జనవరి చివర. ఆగస్టులో ఫోన్ చేసి, "మామా, ఎక్కడ మొదలుపెట్టేది?" అంది. నేనూ ఒకప్పుడు అలాంటి పరీక్ష రెండోసారికి గట్టెక్కినవాణ్ణే. నాకు తెలిసింది చెప్పాను.

1. జాబితాకు ముందు హద్దు గీయించుకో

పుస్తకాల జాబితా పెరుగుతూనే ఉంటుంది. కమిటీలో ఒక్కొక్కరు నాలుగేసి చేరుస్తారు. అందుకే మొదటి రెండు వారాల్లోనే జాబితా రాసి, అందరిచేతా సరే అనిపించుకోమన్నాను. ఆ తర్వాత దాన్ని మూడు భాగాలు చేసింది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి 'ద్రవిడియన్ లాంగ్వేజెస్' (2003) పూర్తిగా చదవాలి. ఆయన 'తెలుగు వెర్బల్ బేసెస్' (1961)లో అవసరమైన అధ్యాయాలు చాలు. బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1984 కూర్పు) చదివే పుస్తకం కాదు, పక్కన తెరిచి పెట్టుకుని వెతుక్కునేది. సెప్టెంబరు నుంచి నవంబరు వరకు చదువు, డిసెంబరు ప్రశ్నలకు, జనవరి పునశ్చరణకు. వారంలో ఒక రోజు ఖాళీ ఉంచుకోమన్నాను, వెనకబడ్డ చదువు అందుకోవడానికి.

2. నోట్సు పుస్తకానికి నకలు కాకూడదు

నేను తప్పింది ఇక్కడే. నాలుగు లావాటి నోటుబుక్కులు నింపాను. మౌఖికంలో, "ద్రావిడ భాషలు వేరే కుటుంబమని మొదట వాదించిందెవరు?" అని అడిగితే 1856 నాటి కాల్డ్‌వెల్ పేరు చెప్పాను. కాంబెల్ తెలుగు వ్యాకరణానికి 1816లో ఎల్లిస్ రాసిన పీఠికలోనే ఆ వాదన ఉంది. ఆ సంగతి నా రెండో నోటుబుక్కులో ఉంది, నా నోట్లో లేదు. అందుకే ఒక్కో రచనకు ఒక్కటే పేజీ పెట్టుకోమన్నాను. ఏమంటున్నాడు, దేన్ని చూపి అంటున్నాడు, ఎవరితో విభేదిస్తున్నాడు, నాకున్న అనుమానం ఏమిటి. పుస్తకం మూసి ఆ నాలుగూ పైకి చెప్పలేకపోతే, ఆ పుస్తకం చదివినట్టు కాదు.

3. మాదిరి మౌఖికంలో పరాయివాళ్లను కూర్చోబెట్టుకో

డిసెంబరు సెలవులకు ఆమె మా ఊరు అంగళ్లు వచ్చింది. కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయం చుట్టుపక్కల తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినబడతాయి. ఆ వైపు నుంచి తమిళం తెలిసిన మిత్రుణ్ణి, పుంగనూరు నుంచి కన్నడం మాట్లాడే మరొకరిని పిలిపించాను. రెండు గంటలు, కాగితం లేకుండా. ఫోన్‌లో రికార్డు.

మొదటి ప్రశ్న తేలికైందే. "తెలుగులో చెవి, తమిళంలోనూ చెవే. కన్నడంలో మాత్రం కివి. ఎందుకు?"

"పాత మాట కకారంతోనే ఉండేది. ఇ, ఎ లాంటి అచ్చుల ముందు క, చగా మారింది. కన్నడంలో మారలేదు."

"అయితే తెలుగు చెడును తమిళంలో కెడు అంటాం. అక్కడ ఎందుకు మారలేదు?"

కాసేపు ఆలోచించి చెప్పింది. తమిళంలో తర్వాతి హల్లు ట, ళ లాంటి మూర్ధన్యమైతే మార్పు ఆగిపోతుంది. తెలుగులో ఆ ఆటంకం లేదు. తమిళ కిళికి మన చిలుకే సాక్ష్యం.

"మరి చెయ్యి? తమిళంలో కై, కన్నడంలోనూ కై. ఇక్కడ ఎకారమే లేదు కదా?"

ఆగిపోయింది. అది మంచి ప్రశ్న. జవాబు వరసలో ఉంది. తెలుగులో 'కయ్' ముందు 'కెయ్' అయింది, ఆ తర్వాతే చకారం వచ్చింది. అంటే ఒక మార్పు ఇంకో మార్పుకు దారి తీసింది. తమిళంలో ఎకారం రానే లేదు కనుక కకారం నిలిచింది. ఆమె నోట్సులో రెండు మార్పులూ వేర్వేరు పేజీల్లో ఉన్నాయి. వాటిని కాలక్రమంలో పెట్టలేదు, అంతే. పరీక్షలో చిక్కు సాధారణంగా ఇలాగే వస్తుంది. రెండు పేజీలను కలిపే గీత ఉండదు.

చివర పుంగనూరు మిత్రుడు, "తెలుగులో కెంపు ఉందిగా?" అన్నాడు. "కన్నడం నుంచి వచ్చి ఉండొచ్చు. ఖాయంగా చెప్పలేను. తెలుగులో పాత ప్రయోగాలు ఎప్పటివో, కన్నడంలోవి ఎప్పటివో చూడాలి" అంది. తెలియనిదాన్ని దాచలేదు, తేల్చే దారి చూపింది. నాకు ఆ రోజు అన్నిటికంటే నచ్చిన జవాబు అదే.

4. రికార్డు విను

సిగ్గుగా ఉంటుంది, అయినా వినాలి. మొదటి జవాబు ఆరు నిమిషాలు సాగింది, అసలు మాట అయిదో నిమిషంలో వచ్చింది. ముందు జవాబు, తర్వాత ఆధారం, ఆపై ఆపేయడం. అడిగేవాళ్లకు ఇంకా కావాలంటే వాళ్లే అడుగుతారు.

వారం తర్వాత మళ్లీ కూర్చున్నాం. ఈసారి చెయ్యి గురించి ఎవరూ అడగకముందే, కాగితం మీద కయ్, కెయ్, చెయ్ అని మూడు మెట్లు గీసి చూపించింది.